చార్మినార్ రూపాయి, ట్రే ఫోటో, మూడు తప్పుడు తీర్పులు: నా ప్రాజెక్టు డైరీ

ముందు కేసు చెప్తా. మా మావయ్యకి వరంగల్‌లో ఒకాయన తొమ్మిది హాలీ సిక్కా వెండి రూపాయలు, అంటే నిజాం కాలం చార్మినార్ బొమ్మ రూపాయలు, ఒకే లాట్‌గా అమ్ముతానని ట్రే ఫోటో పంపించాడు. ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద మూడు వరసలు, వరసకి మూడు నాణేలు. మావయ్య ఆ ఫోటో నాకు పంపి ఏది మంచిదో ఏది డూప్లికేటో చూసి చెప్పమన్నాడు. నేను ఫోన్‌లో జూమ్ చేసి చూసి 3, 7 నంబర్లు డూప్లికేట్, 5 నంబరు మాత్రం బంగారంలాంటి నాణెం అని చెప్పేశా.

లాట్ మొత్తం కొన్నాక మావయ్య 3, 7 అసలు ఏ లోహమో తెలుసుకుందామని కంసాలి దగ్గరికి తీసుకెళ్లాడు. కంసాలి గీటురాయి మీద గీసి, తూచి, రెండూ వెండేనన్నాడు. 3 బరువు 11.12 గ్రాములు, 7 బరువు 11.09. నేను మెచ్చుకున్న 5 నంబరు 9.41 గ్రాములే తూగింది. చార్మినార్ రూపాయి ఉండాల్సిన బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. కొద్దిగా అరిగితే 11.1 దాకా రావచ్చు, అంతేగానీ 9.41 రాదు.

3 నంబరు అంచు మీద ఇప్పుడు గీటురాయికి రుద్దిన గీత ఉంది, సుమారు 4 మిల్లీమీటర్ల పొడవు. నేను ఫోటో చూసి తొందరపడకపోతే ఆ గీత పడేది కాదు, వందేళ్లు దాటిన నాణెం అది. అందుకే మావయ్య దగ్గర తొమ్మిదీ అడిగి తెచ్చుకుని, ఫోటోలో నన్ను ఏది మోసం చేసిందో ఒక్కొక్కటీ మళ్లీ పుట్టించి చూద్దామని కూర్చున్నా. వాటిల్లో ఏది అసలో బరువుని బట్టి ముందే తెలుసు కాబట్టి, ఫోటో ఎక్కడ అబద్ధం చెప్తుందో పట్టుకోవడం కుదురుతుంది.

నాణెం గురించి తెలియనివాళ్లకి రెండు మాటలు. నిజాం ప్రభుత్వం సైఫాబాద్ టంకశాలలో 1903 నుంచి మెషిన్ మీద కొట్టిన రూపాయి ఇది. ఒకవైపు చార్మినార్, మధ్య గుమ్మంలో ఒక అక్షరం ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ కాలం వాటిల్లో ఆ అక్షరం 'ఐన్', అంటే ఆయన పేరులో మొదటి అక్షరం. బ్రిటిష్ రూపాయి వేరు, అది 11.66 గ్రాములు, 1940కి ముందు వాటిల్లో 91.7 శాతం వెండి. ఈ రెండిటినీ కలిపేసి "బరువు తక్కువుంది, డూప్లికేట్" అనేవాళ్లని కూడా చూశా, కాబట్టి ముందు ఏ రూపాయో చూసుకోండి.

దశ 1: గుండ్రంగా లేని నాణెం

3 నంబరుని నేను ఎందుకు కొట్టేశానంటే, అది ట్రేలో కుడివైపు పై మూలలో ఉంది, ఫోటోలో చూస్తే గుండ్రంగా లేదు, ఒక మూల నుంచి నొక్కినట్టు ఉంది, పైగా మినార్లు నిటారుగా లేకుండా పైభాగం లోపలికి వాలి కనిపించాయి. పోత పోసిన డూప్లికేట్లలో అచ్చు సరిగ్గా రాక ఇలా వంకరపోవడం ఉంటుంది కాబట్టి అదే అనుకున్నా.

చేసిన పని:

1. కాగితం మీద 30 మిల్లీమీటర్ల వృత్తాలు తొమ్మిది, ట్రేలో నాణేలు ఉన్నట్టే మూడు వరసల్లో ప్రింట్ తీశా.
2. వెర్నియర్‌తో ఒక్కో వృత్తాన్ని కొలిచా.
3. ఫోన్ 10 సెంటీమీటర్ల ఎత్తులో, తర్వాత 40 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి ఫోటోలు తీశా.
4. ఫోటోలో ప్రతి వృత్తానికీ మధ్య నుంచి మూలవైపు వెళ్లే దిశలో వెడల్పు, దానికి అడ్డంగా వెడల్పు పిక్సెల్స్‌లో లెక్కపెట్టా.

మొదటి ప్రింటు వేస్ట్ అయింది. ప్రింటర్ సెట్టింగ్‌లో పేజీకి సరిపడా కుదించడం ఆన్‌లో ఉండి 30 మిల్లీమీటర్ల వృత్తం 29.1 వచ్చింది. వెర్నియర్ పెట్టకపోతే ఆ తప్పుని కూడా లెన్స్ మీదే వేసేవాడిని. స్కేల్‌ని వంద శాతానికి మార్చి మళ్లీ ప్రింట్ తీశా.

10 సెంటీమీటర్ల దగ్గర తీసిన ఫోటోలో మధ్య వృత్తం పక్కాగా గుండ్రం. మూల వృత్తం మాత్రం మూలవైపు దిశలో 376 పిక్సెల్స్, అడ్డంగా 399. అంటే దాదాపు 6 శాతం నొక్కుకుపోయింది. 30 మిల్లీమీటర్ల నాణెం మీద అది 1.7 మిల్లీమీటర్ల తేడా, కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

కారణం వెతికితే, ఫోన్ దగ్గరికి వెళ్లేసరికి నన్ను అడక్కుండానే మెయిన్ కెమెరా వదిలేసి 0.5x లెన్స్‌కి మారిపోయింది. స్క్రీన్ మీద 1x అనే చూపిస్తోంది, కానీ మెయిన్ లెన్స్ మీద వేలు పెట్టి మూసినా బొమ్మ మారలేదు, పక్క లెన్స్ మూస్తే చీకటైంది. మీ ఫోన్‌లోనూ ఇలాగే వేలు పెట్టి చూడండి, సెట్టింగ్స్‌లో వెతకడం కంటే తొందరగా తెలుస్తుంది. ఆ వెడల్పు లెన్స్‌లో బ్యారెల్ డిస్టార్షన్ మిగిలే ఉంది, అంటే మధ్య నుంచి దూరం వెళ్లేకొద్దీ బొమ్మ లోపలికి కుదించుకుపోతుంది. ఫ్రేమ్ కుడివైపు ఉన్న నిలువు గీత, మూసే బ్రాకెట్‌లా బయటికి ఉబ్బుతుంది. కాబట్టి కుడి పై మూలలో ఉన్న నాణెం మీద మినార్ పైభాగం లోపలికి వాలినట్టే కనపడుతుంది. 3 నంబరులో నేను చూసింది అక్షరాలా ఇదే.

ఇక్కడ నేను ఒక పొరపాటు ఆలోచన కూడా చేశా, అది కూడా చెప్పాలి. గ్రూప్ ఫోటోల్లో చివర నిలబడ్డవాళ్ల మొహం సాగిపోయినట్టు ఉంటుంది కదా, నాణెం కూడా అలాగే సాగింది అనుకున్నా. కాదు. మొహం అంటే లోతున్న వస్తువు, నాణెం దాదాపు చదును. చదునైన వస్తువు కెమెరాకి సమాంతరంగా ఉండి, లెన్స్ వంపు పూర్తిగా సరిచేసి ఉంటే, మూలలో ఉన్నా వృత్తం వృత్తంలాగే వస్తుంది. కాబట్టి మూలలో నాణెం వంకరగా ఉంటే కారణం సరిచేయని లెన్స్ వంపు, లేదా ఫోన్ వాలడం. నాణెం నిజంగా వంకరైతే ఫ్రేమ్ మధ్యలోకి తెచ్చి తీసినా, చేత్తో 90 డిగ్రీలు తిప్పి పెట్టి తీసినా ఆ వంకర నాణెంతో పాటే తిరగాలి. 3 నంబరుని అదే మూలలో పెట్టి నాలుగుసార్లు తిప్పి తీశా. మినార్లు తిరిగాయి, నొక్కుడు మాత్రం ప్రతిసారీ అదే మూలవైపు ఉంది. అక్కడ నాకు అనుమానం పూర్తిగా పోయింది.

40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మెయిన్ లెన్స్‌తో 2x పెట్టి తీస్తే మూల వృత్తంలో తేడా 399కి 397. అంతకంటే ఏం కావాలి.

ఇప్పటిదాకా: ఫోటోలు 18. ఖర్చు వెర్నియర్ 450 రూపాయలు. తప్పుడు తీర్పులు మూడింట్లో కారణం తేలినవి 1.

దశ 2: స్కేల్ పక్కన పెట్టినా కొలత తప్పడం

7 నంబరుకి విడిగా ఒక ఫోటో పంపించాడు అమ్మినాయన, పక్కన స్కేల్ పెట్టి. దాంట్లో నాణెం 31 మిల్లీమీటర్లు కనపడింది. నా దగ్గరున్నవి వెర్నియర్‌తో 30.3 నుంచి 30.5 మధ్యలో ఉన్నాయి. అర మిల్లీమీటరు పెద్దదంటే వేరే అచ్చు, అంటే డూప్లికేట్ అని తేల్చేశా. కంసాలి దగ్గర నుంచి వచ్చాక అదే నాణేన్ని వెర్నియర్‌తో కొలిస్తే 30.4.

స్కేల్ అబద్ధం చెప్పలేదు, స్కేల్ ఉన్న చోటు తప్పు. స్కేల్ బల్ల మీద పడుకుని ఉంది, నాణెం అంచు పైభాగం బల్లకి దాదాపు 2 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంది. ఫోన్ 100 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే నాణెం పైభాగం 98 దూరంలో ఉన్నట్టు. దగ్గరున్నది పెద్దగా కనపడుతుంది, ఎంత పెద్దగా అంటే 100ని 98తో భాగిస్తే ఎంతో అంత. 30.4ని దాంతో గుణిస్తే 31.02. ఫోటోలో కనపడిన 31 ఇదే. ఇంత సూటిగా లెక్క కలిసిందంటే నేనే రెండుసార్లు చేసి చూసుకున్నా.

అదే 400 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి తీస్తే 30.55 వస్తుంది, తప్పు 0.15కి దిగిపోతుంది. దూరం పెంచడమే సగం మందు.

వాలు సంగతి కూడా ఇక్కడే కొలిచా. ఫోన్‌ని కావాలని 15 డిగ్రీలు వంచి, 10 సెంటీమీటర్ల నుంచి తీస్తే, నాణెం ఎత్తు 3.4 శాతం తగ్గింది, అంటే ఒక మిల్లీమీటరు. దూరమైపోయిన అంచు దగ్గర చార్మినార్ సన్నబడింది, దగ్గరి అంచు వైపు వెడల్పైంది, రెండు అంచులకీ మధ్య తేడా దాదాపు 8 శాతం. 40 సెంటీమీటర్ల నుంచి అదే వాలుకి 2 శాతమే. చేతిలో ఫోన్ పట్టుకుని తన నీడ పడకుండా కొంచెం పక్కకి వంచి తీసేవాళ్లే ఎక్కువ కాబట్టి 15 డిగ్రీలు పెద్ద విషయం కాదు, మామూలుగా జరిగేదే.

సరిచేయడానికి మొదట చేసినది పనికిరాలేదు. నాణెం పక్కన 50 మిల్లీమీటర్ల చదరపు కార్డు పెట్టి, ఫోటోలో దాని నాలుగు మూలలు చదరంగా వచ్చేట్టు బొమ్మని సాగదీశా. వాలు పోయింది, కానీ కొలత ఇంకా 30.9. ఎందుకంటే కార్డు బల్ల మీదే ఉంది, ఆ సర్దుబాటు బల్ల మట్టానికే పనిచేస్తుంది, నాణెం పైభాగానికి కాదు. కార్డు కింద అట్టముక్కలు పేర్చి నాణెం అంచు ఎత్తుకి సరిపెట్టాక 30.4 వచ్చింది, వెర్నియర్‌తో ఒక్క గీత తేడా లేదు.

ఇప్పుడు చేసే పద్ధతి:

1. ఫోన్ స్టాండు మీద, 40 సెంటీమీటర్ల ఎత్తులో, 2x.
2. స్కేల్ కింద అట్టముక్కలు పేర్చి, దాని పైభాగం నాణెం అంచు ఎత్తుకి తేవాలి.
3. నాణెం ఫ్రేమ్ మధ్యలో.
4. 90 డిగ్రీలు తిప్పి రెండో ఫోటో. రెండు ఫోటోల్లో కొలతలు కలవకపోతే ఆ సెట్ పారేయాలి.

ఇప్పటిదాకా: ఫోటోలు 32. ఖర్చు 700 (స్టాండు 250 కలిపి). 7 నంబరు సగం తేలింది, రంగు గొడవ మిగిలింది.

దశ 3: పసుపు

దీనికే అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది, మూడు ఆదివారాలు.

7 నంబరు ట్రేలో ఎడమవైపు కింది వరసలో ఉంది, ఇత్తడి కలిసినట్టు పసుపుగా ఉంది. అదే ఫోటోలో కుడివైపు నాణేలు కొంచెం నీలంగా ఉన్నాయి. ఫోటోలో ఎడమవైపు నీడల దిశ చూస్తే అటు పక్క బల్బు ఉంది, కుడివైపు కిటికీ. అంటే ఒకే ఫోటోలో రెండు రకాల వెలుతురు. ఫోన్ వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనపడేట్టు రంగులు సర్దడం, ఫోటో మొత్తానికీ ఒక్కటే వేస్తుంది, దానికి తోడు ఎర్ర వెల్వెట్ ఫ్రేమ్ సగం నింపేస్తే ఆ ఎరుపంతా లైటు వల్ల వచ్చిందేమో అనుకుని తగ్గించడానికి మొత్తం రంగుని నీలం ఆకుపచ్చల వైపు తోస్తుంది. ఇది నిజమేనా అని 7 నంబరుని బల్బు కిందే ఎర్ర గుడ్డ మీదా, నల్ల అట్ట మీదా పెట్టి తీశా. ఎర్ర గుడ్డ మీద చల్లగా, నికెల్ ముక్కలా ఉంది. నల్ల అట్ట మీద పసుపుగా ఉంది. నాణెం అదే, బల్బు అదే.

కళ్లతో చూసి చెప్పడం మానేసి అంకెలు తీయడం మొదలుపెట్టా. పక్కన గ్రే కార్డ్ పెట్టి, కార్డు మీద ఒక చదరం, నాణెం మీద ఒక చదరం తీసుకుని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు చూడ్డమే పని:

```
from PIL import Image
import numpy as np
a = np.asarray(Image.open("n7.jpg").convert("RGB"))
def m(x, y, s=40):
    return np.median(a[y:y+s, x:x+s].reshape(-1, 3), axis=0)
print(m(820, 1410), m(2210, 1390))
```

బల్బు కింద 7 నంబరు: కార్డు 190, 166, 131. నాణెం 201, 176, 139. ఎరుపుని నీలంతో భాగిస్తే కార్డుకి 1.45, నాణేనికీ 1.45. కార్డు బూడిద రంగని మనకి తెలుసు, అది ఎంత పసుపు తిరిగిందో నాణెం కూడా అంతే తిరిగింది, అంటే పసుపు లైటుది, నాణేనిది కాదు. ఎర్ర గుడ్డ మీద తీసిన ఫోటోలో కార్డు 0.89, నాణెం 0.89. ఒకే వెండి ఒక ఫోటోలో 1.45, ఇంకో ఫోటోలో 0.89 చూపించిందంటే, కార్డు లేని ఫోటోలో రంగు గురించి మాట్లాడటానికి ఏమీ లేదన్నమాట.

దీంట్లో నేను చేసిన తప్పులు మూడు, మూడూ విడివిడిగా చెప్పాలి.

మొదటిది, గ్రే కార్డ్ కొరియర్‌లో వచ్చేలోపు ఆగలేక తెల్ల ఎ4 కాగితాన్ని వాడా. బాల్కనీ నీడలో కాగితం 228, 233, 244 వచ్చింది, అంటే 0.93. తర్వాత అక్కడే గ్రే కార్డ్ పెడితే 131, 132, 133, దాదాపు 0.985. కాగితంలో మెరుపు కోసం కలిపే పదార్థం పగటి వెలుతురులోని అతినీలలోహిత కిరణాల్ని పట్టుకుని నీలంగా వెలుగుతుంది. ఆ నీలాన్ని తెలుపు అనుకుని సరిచేస్తే మంచి వెండి కూడా 5 శాతం పసుపు తిరుగుతుంది. అమ్మేవాళ్ల ఫోటోల్లో ధర రాసిన చీటీని తెలుపుగా తీసుకుని రంగు సరిచేసేవాళ్లు ఉన్నారు, నేనూ చేశా, చేయకండి.

రెండోది, చొక్కా. ఒక ఆదివారం నారింజ రంగు టీషర్ట్ వేసుకుని తీసిన ఫోటోల్లో కార్డు మామూలుగానే ఉంది, నాణేలన్నీ ఎర్రబడ్డాయి. కార్డు మెరవదు, నాణెం అద్దంలాంటిది, దాని ముందు ఏముంటే అదే చూపిస్తుంది. గ్రే కార్డ్ లైటు రంగుని సరిచేస్తుంది కానీ అద్దంలో పడ్డ చొక్కాని సరిచేయలేదు. నల్ల చార్ట్ అట్టకి లెన్స్ పట్టేంత కన్నం పెట్టి ఫోన్‌కి ముందు తగిలించా, బల్బుకి అడ్డంగా ట్రేసింగ్ పేపర్ కట్టా. ఆ తర్వాత ఎర్రదనం పోయింది.

మూడోది 5 నంబరు దగ్గర, దీన్ని కొంచెం నెమ్మదిగా చెప్తా, ఎందుకంటే అసలు మోసం ఇక్కడే ఉంది.

5 నంబరు వెండి పూత పూసిన నాణెం. చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర చూస్తే మినార్ల కొనల దగ్గర, అంచు మీద పూత అరిగి కింద పసుపుపచ్చటి లోహం కనపడుతుంది. పాత వెండి నాణెంలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. ఎత్తుగా ఉన్న చోట్ల చేతులు తగిలి తగిలి తెల్లగా తేరుకుంటాయి, నలుపూ పసుపూ పల్లాల్లో, అక్షరాల సందుల్లో మిగులుతాయి. నాణెంలో ఏ భాగం ఏ భాగం కంటే పచ్చగా ఉంది అనే తేడా ఒకే ఫోటోలో ఉంటుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్ తప్పినా ఆ వరస మారదు. నా కొలతలో 5 నంబరు మైదానం, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం, 196, 171, 136, అంటే 1.44, కార్డుతో సమానం. మినార్ కొన 205, 176, 126, అంటే 1.63. తేడా స్పష్టంగా ఉంది.

మరి ట్రే ఫోటోలో ఇది నాకెందుకు కనపడలేదు? నాణేలు మెరుస్తూ కనపడాలని ఫోటో బాగా వెలుతురు పెంచి తీశారు. నేనూ అలాగే ఎక్స్‌పోజర్ పెంచి తీసి చూశా. మినార్ కొన మీద 255, 249, 178 వచ్చింది. భాగిస్తే 1.43, కార్డుతో సమానం, పచ్చదనం మాయం! నిజానికి ఎరుపు 290 దాకా వెళ్లాల్సింది, ఫైల్‌లో 255కి మించి చోటు లేదు కాబట్టి అక్కడ తెగిపోయింది. పసుపు బల్బు కింద ముందు నిండిపోయేది ఎరుపే, మెరిసేది ఎత్తు భాగాలే, పూత అరిగేదీ ఎత్తు భాగాల్లోనే. ఈ మూడూ ఒకేచోట కలిశాయి, ఫోటో డూప్లికేట్‌ని కాపాడేసింది.

అందుకే ఇప్పుడు ఏ భాగంలోనైనా మూడు అంకెల్లో ఏదో ఒకటి 250 దాటితే ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోను. కెమెరాలో ఎక్స్‌పోజర్ ఒక మెట్టు కిందికి లాగి, నాణెం కొంచెం చీకటిగా ఉన్నట్టు అనిపించేలా తీస్తా.

ఇప్పటిదాకా: ఫోటోలు 73. ఖర్చు 1,040 (గ్రే కార్డ్ 300, అట్ట, ట్రేసింగ్ పేపర్ 40). తేలిన తీర్పులు 3లో 3. ఇక్కడితో అయిపోయిందనుకున్నా.

దశ 4: మావయ్య ఫోన్

5 నంబరు కొత్త ఫోటో, కార్డుతో సరిచేసింది, రాత్రి మావయ్యకి పంపి ఫోన్ చేశా.

"మావయ్యా, మినార్ కొనలు చూడండి, పచ్చగా లేవూ?"

"కొనలేంట్రా, నాణెం మొత్తం పచ్చగానే ఉంది. పక్కన ఆ 3 నంబరు కూడా పచ్చగానే ఉంది."

ఫైల్ ఒక్కటే. నా లాప్‌టాప్‌లో 3 నంబరు తెల్లగా ఉంది. ఆయన ఫోన్‌లో సాయంత్రం ఏడు దాటితే కళ్లకి హాయిగా ఉండే మోడ్ తనంతట తనే ఆన్ అవుతుంది, అది నీలాన్ని తగ్గించేస్తుంది. ఆయనకి అది ఉందన్న సంగతే తెలియదు, ఎందుకంటే ఐదు పది నిమిషాల్లో కళ్లు అలవాటుపడిపోతాయి, పసుపు తెల్లగా అనిపిస్తుంది.

ఫైల్‌లో అంకెలు స్క్రీన్‌ని బట్టి మారవు, మారేది చూపించడమే. కానీ మావయ్యని అంకెలు తీయమనలేను కదా. కాబట్టి ImageMagick వాడి ఫోటో కిందే ఒక బూడిద రంగు పట్టీ అతికించా:

```
convert coin.jpg -gravity south -background "rgb(128,128,128)" -splice 0x120 coin_strip.jpg
```

పట్టీ పచ్చగా కనపడితే స్క్రీన్ పచ్చగా ఉన్నట్టు. కళ్లు అలవాటుపడి పట్టీ బూడిదగానే అనిపించినా పర్లేదు, అప్పుడు నాణేన్ని పట్టీతో పోల్చి చూడాలి. మళ్లీ పంపితే మావయ్య చెప్పిన మాట: "పట్టీ కూడా పచ్చగానే ఉందిరా. 3 నంబరు పట్టీలాగే ఉంది, 5 నంబరు కొనలు మాత్రం పట్టీ కంటే ముదురు." నాకు కావాల్సింది అదే.

పట్టీ పట్టుకోలేనిది ఒకటుంది. మా తమ్ముడి ఫోన్‌లో స్క్రీన్ వివిడ్ మోడ్‌లో ఉంటుంది, అది రంగుల్ని ముదురు చేస్తుంది కానీ బూడిదని బూడిదలాగే ఉంచుతుంది. పట్టీ సరిగ్గా కనపడుతుంది, 7 నంబరు పల్లాల్లో ఉన్న కొద్దిపాటి గోధుమ రంగు మాత్రం రాగి బయటపడినట్టు ఎర్రగా కనపడుతుంది. వాడు చూసిన వెంటనే "ఇది రాగి మీద పూత" అన్నాడు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో నేచురల్‌కి మారిస్తే సర్దుకుంది. కాబట్టి ఎవరైనా "ఎర్రగా ఉంది" అంటే ముందు ఏ మోడ్‌లో చూస్తున్నారో అడుగుతున్నా.

ఇంట్లో ఉన్న 4 స్క్రీన్ల మీద ఒకే ఫైల్ చూపించి, 7 నంబరు రంగేంటని అడిగితే వచ్చిన జవాబులు: తెలుపు, పసుపు, ఎరుపు, "సీసంలా ఉంది". ఖర్చు ఏమీ లేదు, మొత్తం 1,040 దగ్గరే ఉంది.

దశ 5: తొమ్మిదింటినీ మళ్లీ

కొత్త పద్ధతిలో తొమ్మిదింటికీ రెండేసి ఫోటోలు తీశా, దాంతో మొదటి నుంచీ తీసినవి మొత్తం 91. బరువులు నాకు తెలుసు కాబట్టి నేను చూస్తే పనికిరాదు. ఫైల్ పేర్లు మార్చి, నాణేల గురించి కొంచెం తెలిసిన ఒక స్నేహితుడికి ఇచ్చా, ఏది ఏదో చెప్పకుండా. అతను 5 నంబరుని కొట్టేశాడు, ఏడింటిని మంచివన్నాడు, 8 నంబరు మీద "చెప్పలేను" అన్నాడు. 3, 7 రెండూ మంచివాటిలోనే ఉన్నాయి.

8 నంబరుని ఎవరో ఎప్పుడో బాగా తోమేశారు. పల్లాల్లో నలుపు లేదు, ఎత్తుల్లో తేటదనం లేదు, అంతా ఒకే తెలుపు. పల్లం, ఎత్తు మధ్య పోల్చే ఉపాయం అక్కడ పనిచేయలేదు. దీనికి ఫోటోతో దారి లేదు, తూకమే.

380 పెట్టి 0.01 గ్రాముల చిన్న తక్కెడ కొన్నా. మొత్తం ఖర్చు 1,420. చేసిన పని:

1. నాణేన్ని మామూలుగా తూచా: 11.06 గ్రాములు.
2. తక్కెడ మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేశా.
3. నాణేన్ని సన్న దారంతో కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేట్టు, అడుగుకీ గోడకీ తగలకుండా వేలాడదీశా. తక్కెడ 1.09 చూపించింది.
4. 11.06ని 1.09తో భాగిస్తే 10.15.

81.8 శాతం వెండికి మిగతాది రాగి అనుకుంటే సాంద్రత సుమారు 10.2 రావాలి. తక్కెడలో 0.01 తేడాకే జవాబు 0.1 మారుతుంది కాబట్టి 10.15 అంటే సరిపోయినట్టే. అదే పద్ధతిలో 5 నంబరు 9.41ని 1.10తో భాగిస్తే 8.55, ఇత్తడి, జర్మన్ సిల్వర్ ఉండే చోటు. మొదటిసారి చేసినప్పుడు నాణెం మీద గాలి బుడగలు అంటుకుని 8 నంబరుకి 9.8 వచ్చి గుండె ఆగినంత పనైంది, వేలితో బుడగలు తుడిచి మళ్లీ ముంచితే సర్దుకుంది.

పోయిన వారం మావయ్యకి ఇంకొకరు ఒక చార్మినార్ రూపాయి చూపించారు. నేను తీర్పు చెప్పకుండా, ఫోటోలు ఇలా తీసి పంపమని అమ్మేవాళ్లకి చెప్పడానికి ఇది రాసిచ్చా:

1. ఎర్ర గుడ్డ తీసేసి నల్ల అట్ట మీద, నాణెం ఫ్రేమ్ మధ్యలో.
2. ఫోన్ జానెడున్నర పైన, జూమ్ 2x.
3. కిటికీ వెలుతురు మాత్రమే, బల్బు ఆపేసి.
4. అలాగే తిప్పి ఇంకొకటి.
5. పక్కన మీ దగ్గరున్న, నమ్మకమైన పాత వెండి రూపాయి ఏదైనా ఒకటి.
6. తక్కెడ మీద నాణెం, అంకె కనపడేట్టు.

ఐదోది గ్రే కార్డ్‌కి బదులు. అందరి దగ్గరా కార్డు ఉండదు, పాత వెండి రూపాయి మాత్రం అమ్మేవాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది, అది కూడా అదే కిటికీని, అదే గోడని అద్దంలా చూపిస్తుంది కాబట్టి చొక్కా సమస్యకి కార్డు కంటే ఇదే మేలు. ఫోటోలు మర్నాడే వచ్చాయి. పక్కన జార్జ్ రాజు బొమ్మున్న బ్రిటిష్ రూపాయి పెట్టారు, రెండిటికీ మైదానంలో భాగహారం 1.02, 1.03. మినార్ కొనలు మైదానం కంటే తెల్లగా ఉన్నాయి. తక్కెడ ఫోటోలో 11.14. మావయ్య ఆదివారం వెళ్లి చేతిలో పట్టుకుని చూసి, నా చిన్న తక్కెడ మీద మళ్లీ తూచి తీసుకున్నాడు, అక్కడ 11.13 వచ్చింది.